డెలివరీ బాయ్ గుద్దితే కంపెనీ బాధ్యత ఉంటుందా?

అమీర్‌పేట్‌లో రోడ్డు దాటుతుంటే మా నాన్నని డెలివరీ బాయ్ బైక్‌తో గుద్దాడు, యాప్ వాళ్లేమో వాడు మా ఎంప్లాయీ కాదు, పార్ట్‌నర్ అంటున్నారు. వాళ్ల మీద కేసు వేయొచ్చా?

వేయొచ్చండీ, కానీ గ్యారంటీ లేదు. కాగితం మీద పార్ట్‌నర్ అని రాసినంత మాత్రాన అయిపోదు, రేటు ఎవరు పెడుతున్నారు, లేటైతే ఎవరు కట్ చేస్తున్నారు, ఐడీ ఎవరు బ్లాక్ చేస్తారు, ఇలా కంట్రోల్ ఎవరి చేతిలో ఉందో కోర్టు చూస్తుంది. గుద్దినప్పుడు వాడు ఆర్డర్ మీద ఉన్నాడా అన్నదే అసలు పాయింట్, లాగవుట్ చేసి ఇంటికెళ్తూ గుద్దుంటే కంపెనీని లాగడం కష్టం. అందుకే ఆర్డర్ టైమ్, బ్యాగ్ ఫోటో, సీసీ ఫుటేజ్ ఇప్పుడే పట్టుకోండి.

డబ్బు మాత్రం ఎక్కువగా బండి ఇన్సూరెన్స్ నుంచే వస్తుంది, సొంత బండిని డెలివరీకి వాడాడని ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడతారు లెండి. యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో రైడర్, బండి ఓనర్, ఇన్సూరెన్స్‌తో పాటు యాప్‌ని కూడా పార్టీగా చేర్చమని లాయర్‌కి చెప్పండి.