గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం

చిరంజీవి శ్రీనివాస్‌కు,
పెద్దనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. అయినా నీ గృహప్రవేశానికి మాత్రం వచ్చి తీరతానంటోంది.

నువ్వు ఫోన్‌లో పంపిన ఉత్తరం ముసాయిదా రెండుసార్లు చదివాను. బంధువులకి కార్డుతో సరిపెట్టకుండా ఉత్తరం కూడా రాయాలనుకోవడం నాకు నచ్చింది. అందులో ఒక్క లైను మాత్రం అలా పోతే కొంప మునుగుతుంది. "6-2-2025 గురువారం తెల్లవారుజామున 2.22 గంటలకు" అని రాశావు చూడు, అదీ ఆ లైను.

సిద్ధాంతి గారు నీకిచ్చిన చీటీలో ఏముంది? "మాఘ శు. దశమి, గురు, రా. 2.22, రోహిణి, వృశ్చిక లగ్నం". అందులో తప్పేం లేదు. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మళ్ళీ సూర్యోదయం దాకా ఉంటుంది. అర్ధరాత్రి దాటినా, కోడి కూసినా, సూర్యుడు రానంతవరకు గురువారమే. పీటల మీద కూర్చున్నాక సంకల్పంలో కూడా "గురువాసరే" అనే చెప్పిస్తారు. గోడ మీది క్యాలెండర్‌కి మాత్రం పన్నెండు కొట్టగానే తేదీ, వారం రెండూ మారిపోతాయి. దాని లెక్కలో నీ ముహూర్తం 7వ తేదీ శుక్రవారం. నువ్వు చీటీలోని గురువారాన్ని తీసుకుని దాని పక్కన క్యాలెండర్‌లోని గురువారం తేదీ పెట్టావు. పైగా "రా." అని ఉన్నదాన్ని "తెల్లవారుజామున" చేశావు. అది చదివినవాళ్ళు బుధవారం రాత్రికే దిగుతారు.

అనుమానం వస్తే తిథి, నక్షత్రం చూసుకో. 6వ తేదీ తెల్లవారుజామున రెండింటికి నడిచేది నవమి, కృత్తిక. రోహిణి వచ్చేది ఆ సాయంత్రం, దశమి వచ్చేది ఆ రాత్రి. నీ ముహూర్తానికి రెండూ కావాలి కాబట్టి అది 6వ తేదీ పగలు గడిచి, అర్ధరాత్రి దాటాక వచ్చే రెండు గంటలే అవుతుంది. ఏ చీటీ చేతికొచ్చినా ముందు ఇలా సరిచూసుకుని, ఆ తర్వాతే రాయడం మొదలుపెట్టాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంటి గృహప్రవేశానికి నేను చేసింది అచ్చం ఇదే. చీటీలో "బుధ, రా. 3.10" అని ఉంటే కార్డులో "బుధవారం తెల్లవారుజామున" అని కొట్టించాను. ప్రెస్సులో ప్రూఫు చూసింది కూడా నేనే. మంగళవారం రాత్రి పదకొండు మంది దిగారు. వాళ్ళలో మీ పెద్దమ్మ వాళ్ళ మేనమామ నేరుగా కొత్తింటికే వెళ్ళాడు. మూడు గంటలకి, ఒక చేతిలో పట్టుబట్టల సంచి, ఇంకో చేతిలో జంతికల డబ్బా, గేటుకి తాళం. టార్చి వేసి ఆ తాళాన్నే చూస్తూ నిలబడ్డాడట. పక్కన వాచ్‌మన్ లేచి "రేపండీ" అంటే, "కార్డులో ఇవాళే ఉంది" అని కార్డు తీసి చూపించాడు. ఆయన అన్నది నిజమే. మిగతా పదిమందిని మా రెండు గదుల అద్దె ఇంట్లో సర్దాం. ఆయన మాత్రం తెల్లారగానే బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆయనకి కోపం తగ్గడానికి రెండు సంక్రాంతులు పట్టింది.

అందుకని ముహూర్తం వాక్యం ఇలా రాయి:

"స్వస్తిశ్రీ చాంద్రమాన క్రోధి నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి, గురువారం రాత్రి (తెల్లవారితే శుక్రవారం) 2.22 గంటలకు, అనగా 7-2-2025 తేదీన, రోహిణీ నక్షత్రయుక్త వృశ్చిక లగ్నమందు మా నూతన గృహప్రవేశం జరుపుటకు పెద్దలు నిశ్చయించినారు."

ఆ బ్రాకెట్ తీసేయకు. దాని కింద మామూలు మాటల్లో ఇంకో వాక్యం: "కాబట్టి 6వ తేదీ గురువారం సాయంత్రానికల్లా మీరు మా ఇంట్లో ఉండాలి." నన్నడిగితే ఉత్తరం మొత్తంలో పనికొచ్చే వాక్యం ఇదే. రైలు టిక్కెట్టు కొనేవాడు లగ్నం చూడడు, ఏ సాయంత్రానికి చేరాలో చూస్తాడు.

చెల్లెలు న్యూజెర్సీ నుంచి వీడియోలో చూస్తానంది కదా. తనకి రాసే ఉత్తరంలో అక్కడి టైమే వెయ్యి. ఫిబ్రవరిలో వాళ్ళు మనకంటే పదిన్నర గంటలు వెనక. అంటే వాళ్ళకి 6వ తేదీ గురువారం మధ్యాహ్నం 3.52. ఆఫీసులో ఉండే వేళ. ముందే తెలిస్తే సెలవు పెట్టుకుంటుంది.

ఇంకో మాట. అర్ధరాత్రి ముహూర్తానికి అందరూ రాలేరు, రమ్మనడం కూడా బాగుండదు. గోప్రవేశం, గుమ్మం దగ్గర హారతి, పాలు పొంగించడం, వీటికి దగ్గరివాళ్ళు ఉంటే చాలు. సత్యనారాయణ వ్రతం, భోజనాలు పొద్దుటికే కాబట్టి ఆ వేళలు విడిగా రాయి: వ్రతం 7వ తేదీ శుక్రవారం ఉదయం 9.30కి, భోజనం 12 నుంచి. అలా రాస్తే ఊళ్ళో ఉండే ముసలివాళ్ళు నిద్ర చెడగొట్టుకోకుండా వ్రతానికి వస్తారు. రాత్రికి రాలేకపోయామే అన్న మొహమాటం కూడా వాళ్ళకి ఉండదు.

రాత్రికి ఎవరు తప్పనిసరిగా ఉండాలో వాళ్ళకి మాత్రం చేతిరాతతో ఒక లైను కలుపు. మీ అక్కకి "పాలు పొంగించాల్సింది నువ్వే, ఒంటిగంటకే తయారుగా ఉండాలి" అని రాయి. ఆడపడుచుకి అందరితో పాటు అచ్చు కార్డు ఒక్కటే వెళ్ళిందంటే మాట మిగిలిపోతుంది. నీ భార్య పుట్టింటివాళ్ళకి ఉత్తరం పోస్టులో వెయ్యకు, ఇద్దరూ వెళ్ళి బొట్టు పెట్టి చేతికివ్వండి. బట్టలు పెట్టేది వాళ్ళు కదా, వాళ్ళకీ నాలుగు రోజుల వ్యవధి కావాలి. మిగతావాళ్ళకి ఉత్తరం అందాక ఒక్క ఫోన్ చేసి "గురువారం సాయంత్రానికి వస్తున్నారుగా?" అని అడుగు. "శుక్రవారం రాత్రి కదా?" అని ఎవరైనా అంటే అక్కడికక్కడే సరిచేయొచ్చు.

నువ్వు రాసిన "మీ రాకే మాకు శ్రీరామరక్ష" వగైరా ఉండనీ, నాకేం అభ్యంతరం లేదు. ఆహ్వానించేవాళ్ళుగా మాత్రం మీ అమ్మానాన్నల పేర్లు ముందు వేసి, మీ ఇద్దరి పేర్లు కింద పెట్టు. నాన్న అడగడు కానీ చూసుకుంటాడు. ఇంటి గుర్తు కూడా రాయి. కొత్త కాలనీల్లో ప్లాటు నంబరు చెబితే ఆటోవాడికి అర్థం కాదు, అందులోనూ రాత్రిపూట. ఏ గుడి దాటాక, ఏ వాటర్ ట్యాంకు పక్క సందో రాసి, ఆ రాత్రి మేలుకుని ఉండేవాళ్ళ ఫోన్ నంబరు వెయ్యి. నీది వద్దు, నువ్వు పీటల మీద ఉంటావు.

సరిదిద్దిన కాపీ ప్రెస్సుకి పంపేముందు నాకొకసారి పంపు. ప్రూఫు వచ్చాక ఆ ముహూర్తం వాక్యాన్ని మీ అమ్మకి చదివి వినిపించి, "ఏ రాత్రికి రావాలి?" అని అడుగు. ఆవిడ గురువారం అంటేనే అచ్చుకి ఇవ్వు.

ఇట్లు,
మీ పెద్దనాన్న