గజం ధర ఒక్కటే చూడకు తల్లీ

చిరంజీవి మాధవికి, పెద్దనాయన ఆశీర్వచనాలు.

నువ్వు కర్నూలులో స్థలం కొనబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. మన ఇంట్లో సొంత జీతంతో భూమి కొనే మొదటి ఆడపిల్లవు నువ్వే. అయితే ఆ వెంటనే, చవకగా వస్తోందన్న ప్లాటుకు అడ్వాన్సు కూడా ఇవ్వబోతున్నావని విని రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. రిజిస్ట్రారు కార్యాలయం ముందు కూర్చుని ఉద్యోగ జీవితమంతా దస్తావేజులు రాసినవాణ్ణి కనుక, ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. చదివిన తరువాతనే ఎవరికైనా డబ్బు ఇవ్వు.

నువ్వు పంపిన వివరాల ప్రకారం నీ ముందు మూడు స్థలాలు ఉన్నాయి. ఊరికి దూరంగా, హంద్రీ నది వైపున్న అనుమతి లేని వెంచరులో గజం 8,000 రూపాయలు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో గజం 10,500. పాత కాలనీలో గజం 18,000. మూడోది నీ దగ్గరున్న ఇరవై నాలుగు లక్షలకు అందదు, అప్పు చేసి దాని జోలికి పోవద్దు. మిగిలిన రెండూ 200 గజాలవే, ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. మన వైపు కొందరు సెంట్లలో చెబుతారు కనుక ఒక సెంటు 48.4 గజాలని గుర్తుపెట్టుకుని, ఎవరు ఏ లెక్కలో చెప్పినా గజాల్లోకి మార్చుకున్నాకే ధరలు పోల్చు.

మొదట అనుమతి ఉన్న ప్లాటు లెక్క చూద్దాం. గజం 10,500 చొప్పున 200 గజాలకు 21,00,000 రూపాయలు. మన రాష్ట్రంలో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, వెరసి 7.5 శాతం. అంటే 1,05,000, 31,500, 21,000, మొత్తం 1,57,500 రూపాయలు. ఈ శాతాన్ని దేని మీద కడతారో జాగ్రత్తగా గమనించు. నువ్వు ఇచ్చే ధర, ప్రభుత్వం ఆ సర్వే నంబరుకు నిర్ణయించిన మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద. అందువల్ల బేరం చేసి ధర ఎంత తగ్గించుకున్నా, ప్రభుత్వ విలువ అంతకంటే ఎక్కువైతే సుంకం దాని ప్రకారమే కట్టాలి. ఆ విలువ ఎంతో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ముందే చూసుకోవచ్చు.

దీనికి దస్తావేజు రాయించుకోవడానికి, సాక్షులకు, నకళ్లకు, ప్రయాణాలకు కలిపి పదివేలు వేసుకో. లేఅవుట్ యజమాని దగ్గర నేరుగా కొంటున్నావు కనుక మధ్యవర్తికి కమీషన్ ఇవ్వాల్సిన పని లేదు, అతనికి యజమానే ఇస్తాడు. అడిగితే ఆ మాట మొహాన చెప్పడానికి మొహమాటపడకు. మొత్తం 22,67,500. గజానికి సుమారు 11,340 రూపాయలు. తూర్పు ముఖం కావాలంటే గజానికి 500 అదనం అన్నారని రాశావు. అంటే స్థలానికి లక్ష, దాని మీద సుంకం 7,500. మీ అవ్వ యాభై ఏళ్లు హాయిగా కాపురం చేసిన ఇల్లు పడమటి వాకిలిదే కనుక, ఆ లక్షను పునాదికి దాచుకో అంటాను నేను.

ఇక 8,000 ప్లాటు సంగతి. స్థలానికి 16,00,000, ఆ ధరకే దస్తావేజు రాసుకుంటే సుంకాలు 1,20,000. ఇది మధ్యవర్తి చూపిస్తున్నది కనుక 2 శాతం కమీషన్, 32,000. రాతకోతలకు పదివేలు. ఇక్కడికి 17,62,000, గజానికి 8,810. చూడడానికి ఇంకా చవకే. అయితే ఇది ఇల్లు కట్టుకోవడానికి కొంటున్న స్థలం తల్లీ. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాన్ కావాలంటే ప్లాటును క్రమబద్ధీకరించుకోవాలి. ఎల్ఆర్ఎస్ అనే ప్రభుత్వ క్రమబద్ధీకరణ పథకంలో, లేఅవుట్‌లో ఖాళీగా వదలవలసిన స్థలం వాటాకు బదులుగా ప్లాటు విలువలో కొంత శాతం కట్టాలి, లెక్క కోసం అది 14 అనుకో. అక్కడి ప్రభుత్వ విలువ గజానికి 5,000 అని చెప్పావు కదా, 200 గజాలకు పది లక్షలు, అందులో 14 శాతం 1,40,000. ఆ పైన స్థలం పరిమాణాన్ని బట్టి వేరే రుసుము కూడా ఉంటుంది, దాన్ని పక్కన పెట్టినా మొత్తం 19,02,000 దాటుతుంది.

అంతటితో అయిపోలేదు. అక్కడి రోడ్డు ఇరవై అడుగులే. క్రమబద్ధీకరణలో రోడ్డు చాలదంటే, వెడల్పు కోసం రెండు వైపుల ప్లాట్ల వాళ్లూ ముందు నుంచి కొంత వదలాల్సి వస్తుంది. రోడ్డు ముప్పై అడుగులు చేయాలంటే నీ వంతు ఐదు అడుగులు అనుకో. ముప్పై అడుగుల వెడల్పులో ఐదు అడుగులంటే 150 చదరపు అడుగులు, దాదాపు 17 గజాలు. మిగిలేది 183 గజాలు. 19,02,000ను 183తో భాగిస్తే గజం 10,390 పైచిలుకు. 2,500 తేడా కాస్తా 950 అయింది. ఆ 950 కోసం నువ్వు ఎదుర్కోబోయే ఇబ్బంది ఇంకోటి ఉంది. ప్రభుత్వం ఎల్ఆర్ఎస్ పెట్టినప్పుడల్లా ఒక తేదీ ప్రకటించి, ఆ తేదీలోపు రిజిస్టరైన ప్లాట్లకే అవకాశమిస్తుంది. ఇప్పుడు కొన్నది అందులోకి వస్తుందో లేదో అధికారి నోట వినకుండా, అమ్మేవాడి నోటిమాట మీద ఆ లెక్క వేసుకోకు.

స్థలం హంద్రీ వైపు అన్నావు. 2009 అక్టోబరు వరద చూసినవాళ్లం మనం. పక్క ఇళ్ల వాళ్లను, ముఖ్యంగా ముసలివాళ్లను, నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడుగు. గోడ మీద చూపిస్తారు. స్థలం పల్లమైతే రెండు అడుగులు ఎత్తు చేయడానికి 1,800 చదరపు అడుగులకు 3,600 ఘనపుటడుగుల మట్టి కావాలి, నలిగి దిగేది కనుక ఇంకా ఎక్కువే. ట్రాక్టరు తొట్టిలో ఎంత పడుతుందో కొలిచి, ఒక్కో ట్రిప్పు ధర అడిగి ఆ ఖర్చునూ కలుపు. నేలలో నల్లరేగడి ఉంటే పునాది ఖర్చు ఎర్రనేలకంటే ఎక్కువవుతుంది, మేస్త్రీని తీసుకుపోయి ఒక గుంత తవ్వించి చూడు.

ఇప్పుడు నేను అన్నిటికంటే భయపడే విషయానికి వస్తాను. "దస్తావేజులో ప్రభుత్వ విలువే రాయిద్దాం మేడం, మిగిలింది నగదుగా ఇవ్వండి, నలభై ఐదు వేలు మిగులుతాయి" అని మధ్యవర్తి అన్నాడని మీ అమ్మ చెప్పింది. నీ ముందు ఈ మాట ఎవడన్నా సరే, ఆ రోజే లేచి వచ్చెయ్యి.

మా బావమరిది ఇదే చేశాడు. నంద్యాల దగ్గర స్థలం ఆరు లక్షలకు బేరం కుదిరింది. నా దగ్గర రాయిస్తే నేను అసలు ధరే రాయాలంటానని తెలిసి, వేరేచోట రాయించుకున్నాడు. దస్తావేజులో 2,20,000. మిగిలిన 3,80,000 అమ్మినాయన ఇంట్లోనే, మంచం మీద కట్టలు పరిచి లెక్కపెట్టి ఇచ్చాడట, చీటీ కూడా లేదు. ఆ స్థలం అమ్మినాయనకు తండ్రి తాతల నుంచి వచ్చింది, ఆయనకో చెల్లెలు ఉంది, ఆమె సంతకం తీసుకోలేదు. మన రాష్ట్రంలో 1985 నుంచే ఆడపిల్లకు పూర్వీకుల ఆస్తిలో హక్కు ఇచ్చిన సంగతి వాళ్లకు తెలియదా, తెలిసీ ఊరుకున్నారా, నాకు ఈనాటికీ అర్థం కాదు. కొన్నేళ్లకు ఆమె కోర్టుకు పోయి గెలిచింది. డబ్బు తిరిగి ఇవ్వాల్సి వచ్చినప్పుడు అమ్మినాయన దస్తావేజు తెరిచి, నాకు ముట్టింది 2,20,000 అని చెప్పాడు. రిజిస్టరైన కాగితానికి ఎదురుగా నోటిమాట నిలబెట్టడం బహు కష్టం. బావమరిది సుంకంలో మిగిల్చుకున్నది కొన్ని వేలు, పోగొట్టుకున్నది 3,80,000. మా అక్కచెల్లెళ్ల ముందు ఆ మనిషి తలెత్తలేకపోయిన తీరు నేను కళ్లారా చూశాను. నీకు ఆ పరిస్థితి రాకూడదు.

కోర్టు గొడవ రాకపోయినా ఆ ఆదా నిలవదు. పదహారు లక్షల స్థలాన్ని పది లక్షలని రాస్తే 7.5 శాతం చొప్పున 45,000 మిగిలినట్టు కనిపిస్తుంది. రెండేళ్లు దాటాక అమ్మినప్పుడు నీ కొనుగోలు ధర పది లక్షలుగానే చూస్తారు కనుక, నీకు రాని ఆరు లక్షల లాభం మీద కూడా 12.5 శాతం పన్ను కట్టాలి. అది 75,000, సెస్సు వేరు. పైగా స్థిరాస్తి బేరంలో 20,000 లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం, తీసుకున్నవాడికి అంతే జరిమానా పడుతుంది. ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారా ఇచ్చి, ఆ లావాదేవీ సంఖ్య దస్తావేజులో రాయించు.

మిగిలిన పనులు తేలికే. స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఈసీ తీయించు, 1983 తరువాతి లావాదేవీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అంతకు ముందువి కార్యాలయంలో అడగాలి. స్థలం ఇదివరకు చేతులు మారినప్పటి పాత దస్తావేజుల, అంటే లింకు డాక్యుమెంట్ల అసళ్లు చూడు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో, ప్రభుత్వం పేదలకు పంచిన డీకేటీ పట్టా భూమేమో కనుక్కో. లేఅవుట్ అనుమతి సంఖ్యను కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ, అంటే కుడా, కార్యాలయంలో సరిచూడు, నీ ప్లాటు సంస్థకు తనఖా పెట్టినవాటిలో ఉందేమో కూడా అక్కడే అడుగు. నాలుగు వైపులా టేపు పట్టి, రెండు మూలల మధ్య అడ్డంగా కూడా కొలువు. 30కి 60 సరిగా ఉంటే రెండు అడ్డకొలతలూ 67 అడుగుల ఒక అంగుళం దగ్గర సమానంగా రావాలి. ఒకటి తగ్గితే రాళ్లు జరిగాయన్న మాట.

కోపంగా రాశాననుకోకు. అనుమతి ఉన్నదే తీసుకో అన్నది నా మాట. నీ డబ్బులో ఇంకా లక్షా ముప్పై వేలు మిగులుతాయి, ప్రహరీ మొదలుపెట్టుకోవచ్చు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ ఫోటోలు తీసి శనివారంలోగా నాకు పంపు. నేను చదివి ఏం చెప్పాలో చెప్పేదాకా అడ్వాన్సు ఇవ్వకు, వాళ్లు ఇంకెవరో వచ్చారని తొందరపెట్టినా సరే. రిజిస్ట్రేషన్ రోజున మీ అమ్మ, నేను ఇద్దరం సాక్షులుగా సంతకం పెట్టడానికి వస్తాం.

ఇట్లు,
మీ పెద్దనాయన