హెడ్మాస్టర్ పెత్తనం పంచితే ఏమవుతుంది?

ప్రశ్న: మేడం, నేను హన్మకొండలో ఎం.ఎడ్ చేస్తున్నాను. వసతులు అంతంతమాత్రంగా ఉన్న బడుల్లో డిస్ట్రిబ్యూటెడ్ లీడర్‌షిప్, అంటే నాయకత్వం ఒక్క హెడ్మాస్టర్ చేతిలోనే కాక నలుగురి మధ్య ఉండటం, దాని మీద వ్యాసం రాయమన్నారు. మా నాన్న ములుగు వైపు జెడ్పీ హైస్కూల్లో హెడ్మాస్టర్. ఆయన్ని అడిగితే "మేం ఎప్పుడో పనులు పంచుకున్నాం, దానికింత పెద్ద పేరెందుకు" అని నవ్వారు. ముందు ముందు నాకూ హెచ్ఎం కావాలని ఉంది. ఇది నాకు నిజంగా పనికొస్తుందా? ఏం రాయాలి?

జవాబు: నాన్నగారు నవ్వారంటే ఆయన అనుభవంతోనే నవ్వారమ్మా. ఏ జెడ్పీ హైస్కూల్‌కి వెళ్లినా మధ్యాహ్న భోజనం రిజిస్టర్ పీడీ సార్ దగ్గర ఉంటుంది, బడి వివరాలు ప్రభుత్వానికి పంపే యూడైస్ ఎంట్రీ కంప్యూటర్ వచ్చిన ఫిజికల్ సైన్స్ సార్ నెత్తిన ఉంటుంది, పరీక్షల పని హిందీ మేడం చూస్తుంది. ఇది పని పంపకం. కానీ ఆ పీడీ సార్‌ని "గుడ్డు ఇచ్చే రోజు మార్చగలరా?" అని అడిగి చూడు, "హెచ్ఎం గారిని అడగాలి" అంటారు. పని పంచారు, నిర్ణయం పంచలేదు. నీ వ్యాసం ఇక్కడే మొదలవ్వాలి.

ఈ ఆలోచనకు రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన జేమ్స్ స్పిల్లేన్. చికాగో ప్రాథమిక బడులను దగ్గరగా చూసి ఆయన చెప్పింది ఏంటంటే, నాయకత్వం అనేది ఒక మనిషిలో ఉండే గుణం కాదు, ఒక పని జరిగేటప్పుడు కొందరు మనుషులకూ, ఆ పరిస్థితికీ, వాళ్ల చేతిలోని కాగితాలకూ మధ్య నడిచే వ్యవహారం అని. ఆ బడుల్లో ఒకదానిలో ప్రతి అయిదు వారాలకు పిల్లలకు చిన్న పరీక్ష పెట్టి, ఫలితాల కాగితాన్ని ప్రిన్సిపాల్, టీచర్లు కలిసి చూసి, తరువాత ఏం చెప్పాలో మార్చుకునేవాళ్లు. ఆ కాగితం కూడా నాయకత్వంలో భాగమే. ఇంకో మాట, స్పిల్లేన్ దీన్ని మందుచీటీలా ఇవ్వలేదు. బడిలో నాయకత్వం నిజంగా ఎక్కడ జరుగుతోందో చూడటానికి ఒక అద్దంలా వాడమన్నాడు. అది మర్చిపోయి "పంచితే చాలు, ఫలితాలొస్తాయి" అని రాశావనుకో, మీ ప్రొఫెసర్ అక్కడే పట్టేస్తారు.

ఇప్పుడు నేను కొన్నాళ్లు దగ్గరగా చూసిన ఒక బడి సంగతి చెప్తా. 6 నుంచి 10 దాకా 140 మంది పిల్లలు, హెచ్ఎం కాక ఎనిమిది మంది టీచర్లు, లెక్కల పోస్టు ఖాళీ. ఆరో తరగతిలో చేరిన 28 మందిలో 11 మంది రెండో తరగతి పాఠంలో ఒక పేరా గుక్క తిప్పుకుంటూ కూడా చదవలేకపోయారు. తెలుగు మేడం ఒక్కతే ఏం చేస్తుంది? హెచ్ఎం గారు జులైలో మీటింగ్ పెట్టి మొదటి పీరియడ్‌లో 35 నిమిషాలు పక్కకు తీసి, ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని తరగతి చూడకుండా చదివే స్థాయిని బట్టి మూడు గుంపులు చేశారు. తెలుగు మేడం, బయో సైన్స్ సార్, పీడీ సార్ తలా ఒక గుంపు. బాధ్యత మేడంది అని మినిట్స్ బుక్‌లో రాశారు కూడా.

నెల తిరిగేసరికి బోల్తా పడింది. సిలబస్ వెనకబడుతోందని బయో సార్ ఆ 35 నిమిషాల్లోనూ తన పాఠమే చెప్పుకుంటున్నారు. పీడీ సార్‌ని ట్రెయినింగ్‌కి పంపితే ఆ గుంపు నాలుగు రోజులు ఖాళీగా కూర్చుంది. ఎందుకంటే రాని టీచర్ బదులు ఇంకొకరిని పంపే అడ్జస్ట్‌మెంట్ పీరియడ్ వేసే అధికారం మేడంకి లేదు, హెచ్ఎం గారేమో మండల మీటింగులో ఉన్నారు. తోటి టీచర్ని "సార్, మీ లీజర్ ఇవ్వండి" అని ఆమె ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? మన బడుల్లో లీజర్ పీరియడ్ అంటే ప్రాణం. ఆమె చేతిలో పని ఉంది, మాట లేదు.

హెచ్ఎం గారు తెలివిగల మనిషి, టీచర్లను తిట్టలేదు. మూడు మార్పులు చేశారు. మొదటి పీరియడ్‌కి సంబంధించి అడ్జస్ట్‌మెంట్ తెలుగు మేడం రాస్తే చాలు, తన సంతకం అక్కర్లేదని స్టాఫ్ ముందే చెప్పారు. ఎవరైనా తనిఖీకి వచ్చి సిలబస్ ఎందుకు వెనకబడిందని అడిగితే జవాబు తానే చెప్తానని ఆర్డర్ బుక్‌లో రాశారు. బయో సార్ మారింది దీంతోనే, మాట తన మీదికి రాదని తెలిశాక ఆయనకు టెన్షన్ పోయింది. మూడోది డబ్బు. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష స్కూల్ గ్రాంట్ ఏడాదికి 50 వేలు, అదీ విడతల్లో. అందులో 4 వేలు చిన్న కథల పుస్తకాలకు, జిరాక్సులకు మేడం ఖర్చు పెట్టేలా చూశారు, బిల్లులు మాత్రం తన దగ్గర.

బదులుగా మేడం నుంచి అడిగింది ఒక్కటే కాగితం. శనివారం చివర అరగంట, ఆ ముగ్గురూ హెచ్ఎం గారూ కూర్చుని ఎవరు పై గుంపుకి జరిగారు, ఎవరు కదల్లేదు అని పేర్లతో చూసేవాళ్లు. మార్కులు, శాతాలు ఏం లేవు. డిసెంబర్‌కి 11 మంది నలుగురయ్యారు.

ఆ నలుగురిలో ఇద్దరు బడికే రావట్లేదు. రిజిస్టర్‌లో వరసగా గైర్హాజరు, టీచర్లకు కారణం తెలియదు. చెప్పింది వంటమ్మ. "వాళ్లు పత్తి ఏరడానికి పోతున్నరు సార్, ఇంక రెండు వారాలు రారు" అంది. ఆమెదీ ఆ పిల్లల తండానే. మనవైపు అక్టోబర్ నుంచి పత్తి, తరువాత మిర్చి, ఏ ఇంటి పిల్లలు ఎప్పుడు చేలకు పోతారో స్టాఫ్‌రూమ్ కన్నా వంటగదికే బాగా తెలుసు. జనవరి నుంచి శనివారం మీటింగులో మొదటి పది నిమిషాలు ఆమెను కూర్చోబెట్టారు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని ఒక తల్లి ఆ ఇళ్లకు వెళ్లి మాట్లాడితే ఒకమ్మాయి వచ్చింది, అబ్బాయి రాలేదు. అంతవరకే జరిగింది, అలాగే రాయి.

దీనికి హద్దులూ ఉన్నాయి. నాలుగు పోస్టులు ఖాళీగా ఉన్న బడిలో పంచడానికి మనుషులే ఉండరు, అక్కడ బాధ్యతలు పంచడమంటే ఉన్న ఇద్దరి నడ్డి విరగ్గొట్టడమే. అలాంటి చోట ముందు ఏ పని ఆపేయాలో హెచ్ఎం తేల్చాలి, కొత్త పని తరువాత. ఇంకోటి, ఆ హెచ్ఎం గారు బదిలీ అయితే? కొత్తాయన ఆర్డర్ బుక్ ఒక్కరోజులో మార్చేయగలరు. పెత్తనం నిజంగా పంచారా లేదా అన్నది హెచ్ఎం వారం రోజులు సెలవులో ఉన్నప్పుడు వెళ్లి చూస్తే తెలిసిపోతుంది.

ఇక నీ కెరీర్ సంగతి. ఎం.ఎడ్ ఉన్నంత మాత్రాన హెచ్ఎం సీటు రాదమ్మా. టెట్, డీఎస్సీ దాటి స్కూల్ అసిస్టెంట్ అవ్వాలి, ఆ తరువాత గెజిటెడ్ హెచ్ఎం ప్రమోషన్‌కి సీనియారిటీ, డిపార్ట్‌మెంటల్ టెస్టులు చూస్తారు. ఏళ్లు పడుతుంది. అయితే ఈ టాపిక్ అంతదాకా ఆగక్కర్లేదు, ఎందుకంటే నువ్వు మొదట కూర్చునేది ఆ తెలుగు మేడం కుర్చీలో. ఏదైనా బాధ్యత నీకు అప్పజెప్పిన రోజు, "దీనికి సమయం ఎక్కడిది, ఏది నేనే నిర్ణయించవచ్చు, మాట వస్తే ఎవరి మీదికి వస్తుంది" అని నవ్వుతూనే అడగగలిగితే నీకు ఈ సబ్జెక్ట్ వచ్చినట్టే.

వ్యాసానికి మాత్రం పది బడుల సర్వే పెట్టుకోకు. నాన్నగారి బడిలోనే ఈ ఏడాది జరిగిన ఒక్క నిర్ణయం తీసుకో, టైమ్‌టేబుల్ మార్పు లాంటిది. అది మొదట ఎవరి నోట వచ్చింది, ఎవరు ఒప్పుకోలేదు, ఏ కాగితం మీదికి ఎక్కింది, చివరికి ఎవరు చేశారు అని నలుగురిని విడివిడిగా అడుగు, వంటమ్మతో సహా. నాన్నగారిని ఆఖర్న అడుగు. ఆయన చెప్పేదీ వాళ్లు చెప్పిందీ ఎక్కడ కలవలేదో, వ్యాసంలో ఎక్కువ పేజీలు దానికే ఇవ్వు.