ఎస్సిటలోప్రామ్: గుణం ఆలస్యం ఎందుకు, ఆపేటప్పుడు డాక్టరు ఎందుకు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బరంపురం డాక్టరుగారు అమ్మకి ఎస్సిటలోప్రామ్ 10 ఎం.జి. రాశారు. పది రోజులైంది, వికారం తప్ప గుణం లేదు. ఆపేయమంటారా? తగ్గాకైనా మనమే మానేయొచ్చా?

జవాబు: రెండూ వద్దండి. దిగులు, ఆందోళన జబ్బులకిచ్చే ఈ మందుకి వికారం, నిద్ర చెడడం ముందొస్తాయి, గుణం వెనకొస్తుంది. తిన్నాక వేస్తే వికారం కొంత తగ్గుతుంది.

మెదడులో ఒక కణం పక్కదానికి కబురు పంపడానికి సెరటోనిన్ వదిలి, పనయ్యాక వెనక్కి పీల్చుకుంటుంది. ఆ పీల్చుకునే దారిని ఈ మందు మూస్తుంది. అది మొదటి మాత్రకే, గంటల్లో జరిగిపోతుంది. అయితే సెరటోనిన్ పెరిగిందని పసిగట్టిన కణాలు వదలడమే తగ్గించేస్తాయి. ఆ పసిగట్టే గుణం మొద్దుబారి, కణాల మధ్య లంకెలు మారడానికి వారాలు పడుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. ‘సెరటోనిన్ తక్కువైంది, మాత్రతో నింపుతున్నాం’ అని చెప్తుంటారు గానీ, లెక్క అంత తేలిక కాదు.

మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో మార్పు మొదలవుతుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. నాలుగు వారాలకీ ఏమాత్రం తేడా లేకపోతే డోసు గురించి అడగండి. ఒక్కచోట కూర్చోలేనంత అలజడి, చావు మాటలు, పెద్ద వయసైతే ఉన్నట్టుండి తికమక కనిపిస్తే మాత్రం ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. తికమకకి రక్తంలో సోడియం పడిపోవడం కారణం కావచ్చు. రాత్రివేళయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే రెండు నాలుగు రోజుల్లో తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు, పీడకలలు రావచ్చు. జబ్బు తిరగబెట్టిందని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. జబ్బే అయితే సాధారణంగా వారాలు, నెలల మీద మెల్లగా వస్తుంది, ఆ జివ్వుమనడం దానికుండదు. డాక్టరు మళ్లీ మొదలుపెట్టించిన ఒకటి రెండు రోజులకే సర్దుకుంటే అది మానడం వల్లే.

అందుకే 10 నుంచి 5కి, కొన్ని వారాలాగి 2.5కి దించుతారు. గొడవంతా చివరి మెట్లలోనే. 5 ఎం.జి. కూడా సెరటోనిన్‌ని వెనక్కి పీల్చుకునే దారిలో చాలా భాగాన్ని మూసే ఉంచుతుంది. కాబట్టి 10 నుంచి 5కి దిగితే పెద్దగా తెలియదు, 5 నుంచి సున్నాకి దూకితే తెలుస్తుంది. రోజు విడిచి రోజు వేయడం మంచి ఉపాయం కాదు. ఒంట్లో మందు సుమారు 30 గంటలకే సగమవుతుంది, మోతాదు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

పాతపట్నం వెళ్లి కొంటే వేరే కంపెనీ పేరుతో ఇవ్వొచ్చు. పేరు వేరని పాతదీ కొత్తదీ కలిపి వేసేరు జాగ్రత్త, డోసు రెట్టింపవుతుంది. అట్ట వెనక చిన్న అక్షరాలు చూడండి. ఎస్సిటలోప్రామ్ పక్కన ఆందోళన తగ్గించే మరో మందు క్లోనజిపామ్ పేరు కూడా ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. దాన్ని చాన్నాళ్లు వాడి ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చు, దాన్ని దించే లెక్క వేరు.