బంగారం పెరిగినా నా జూనియర్ షేరు పెరగలేదు

ప్రశ్న: బంగారం ధర పెరుగుతుందని నమ్మకం ఉంటే పెద్ద మైనింగ్ కంపెనీలకంటే చిన్న ఎక్స్‌ప్లోరేషన్ కంపెనీల షేర్లు కొంటే ఎక్కువ లాభం కదా? రిస్కులో తేడా ఏంటి?

నేనూ అచ్చం ఇలాగే అనుకుని 2021లో కెనడాలో ఒక జూనియర్ షేరు 40 సెంట్లకు కొన్నాను. జూనియర్ అంటే ఇంకా గని లేకుండా బంగారం కోసం వెతుకుతూ ఉండే చిన్న కంపెనీ. అప్పుడు బంగారం ఔన్సు 1,800 డాలర్ల చుట్టూ ఉంది. 2024 చివరికి 2,600 దాటింది, నా షేరు మాత్రం 9 సెంట్లు. మోసమేమీ జరగలేదండీ, నిజంగానే డ్రిల్లింగ్ చేశారు.

అసలు సంగతి ఏంటంటే, జూనియర్‌కి అమ్మడానికి బంగారం ఉండదు, అది అమ్మేది తన షేర్లనే. నేను కొన్నప్పుడు 5 కోట్ల షేర్లు, బ్యాంకులో 20 లక్షల డాలర్లు ఉన్నాయి. డ్రిల్లింగుకీ జీతాలకీ అది ఏడాదిలో అయిపోయింది. అప్పుడు 22 సెంట్లకు కోటిన్నర కొత్త షేర్లు ఇచ్చారు, పైగా ప్రతి రెండు షేర్లకూ ఒక వారంట్ కొసరు, అంటే తర్వాత ముందే అనుకున్న ధరకి ఇంకో షేరు కొనుక్కునే హక్కు. ఆ తర్వాత 10 సెంట్లకు ఇంకో 4 కోట్లు. మొత్తం పదిన్నర కోట్లు, అంటే భూమిలో బంగారం దొరికినా అందులో నా వాటా సగానికి పడిపోయింది. అలా తీసుకున్నవాళ్లు, అమ్మకూడని నాలుగు నెలల హోల్డ్ గడువు తీరగానే షేర్లు అమ్మేసి వారంట్లు దగ్గర పెట్టుకుంటారు, దాంతో ధర కాస్త లేచినా వెంటనే కిందికి.

డ్రిల్ ఫలితాల దగ్గరా నేను బోల్తా పడ్డాను. "30 మీటర్లలో టన్నుకు 1.1 గ్రాములు, అందులో 2 మీటర్లు 15 గ్రాములు" అని ప్రకటన వచ్చింది, షేరు ఎగిరింది. లెక్క వేసి చూడండి: 30ని 1.1తో గుణిస్తే 33, ఆ రెండు మీటర్లే 30. మిగిలిన 28 మీటర్లకి 3 మాత్రమే, అంటే టన్నుకు 0.1 గ్రాము, దాదాపు ఉత్త రాయి. ఒక సన్నటి చారని సాగదీసి చూపించారన్నమాట.

పెద్ద కంపెనీల రిస్కు ఇంకో రకం, అక్కడ అంతా మార్జిన్ మీదే ఉంటుంది. ఔన్సు బంగారం ధర 2,000, దాన్ని తీయడానికి ఖర్చు 1,500 అయితే మిగిలేది 500. ధర 10 శాతం పెరిగితే మిగిలేది 700, అంటే 40 శాతం ఎక్కువ. కానీ డీజిల్, కూలీ పెరిగి ఖర్చు 1,700 అయితే మళ్లీ 500 దగ్గరే. 2024 అక్టోబరులో బంగారం 2,700 పైన ఉండగా న్యూమాంట్ అనే పెద్ద గనుల కంపెనీ తన మొత్తం ఖర్చు ఔన్సుకు 1,611 డాలర్లని చెప్పేసరికి షేరు ఒక్క రోజులో సుమారు 15 శాతం పడింది. గని ఉన్న దేశంతో గొడవలు కూడా వీళ్లకు తప్పవు, 2025 జనవరిలో ఆఫ్రికాలోని మాలీ దేశంలో బారిక్ అనే మరో పెద్ద కంపెనీ గని ఆగిపోయింది. అయినా వాళ్లకి వేరే గనులున్నాయి, నా జూనియర్‌కి ఉన్నది ఒక్క కొండే.

ఇప్పుడు జూనియర్ దేన్నైనా చూస్తే ముందు దాని త్రైమాసిక రిపోర్టు తీసి, ఉన్న క్యాష్‌ని నెల ఖర్చుతో భాగిస్తాను. తొమ్మిది నెలల లోపు వస్తే కొత్త షేర్లు ఇచ్చేదాకా ఆగుతాను, ఎలాగూ అంతకన్నా తక్కువకే దొరుకుతుంది.