హుటు, టుట్సీ: పేర్లు పాతవే, ముద్ర కొత్తది

ప్రశ్న: ఆఫ్రికాలో తెగలను వలస పాలకులే సృష్టించారంటారు, నిజమేనా?

చాలాచోట్ల పేర్లు ముందే ఉన్నాయి. వాటిని పుట్టుకతో వచ్చే, మారడానికి వీల్లేని జాతులుగా బిగించింది మాత్రం వలస పాలకులే. కొద్దిమంది అధికారులతో పన్ను వసూలు చేయాలన్నా, వెట్టి చేయించాలన్నా, ప్రతి మనిషీ ఒక గుంపులో, ప్రతి గుంపూ ఒక పెద్ద కింద ఉంటే వాళ్లకు సులువు.

రువాండానే చూడండి. హుటులు, టుట్సీలు మాట్లాడేది ఒకే కిన్యార్వాండా భాష. ఒకే వంశంలో ఇద్దరూ ఉండేవారు. పశుసంపద, రాజు అండ దొరికిన హుటు కుటుంబం కాలక్రమంలో టుట్సీగా చెలామణి అయ్యేది. అలా జరగడం అరుదే, కానీ దానికి 'క్విహుతుర' అనే మాట ఉంది, అంటే హుటుతనం వదులుకోవడం. బెల్జియం పాలకులు టుట్సీలను పాలించడానికే పుట్టిన వేరే జాతిగా భావించి, పదవులు, చదువు ఎక్కువగా వాళ్లకే కట్టబెట్టారు. 1930లలో జనాభా లెక్క తీసి, గుర్తింపు కార్డుల మీద జాతి రాశారు. తండ్రికి ఏది రాస్తే పిల్లలకూ అదే. మారే దారి అంతటితో మూసుకుపోయింది. 1994లో హుటు తీవ్రవాదులు టుట్సీలపై సాగించిన మారణహోమంలో రోడ్ల మీద ఆపి, ఎవరిని చంపాలో తేల్చుకున్నది ఇలాంటి కార్డులు చూసే.

కాబట్టి దీన్ని 'అనాదిగా ఉన్న తెగల పగ' అనడం పొరపాటు. అలాగని అంతకుముందు అందరూ సమానమనీ కాదు: 19వ శతాబ్దం చివర్లో, రాజు ర్వాబుగిరి కాలంలోనే హుటులపై వెట్టి భారం పెరిగింది.