లేబుల్ మీద 60/40, 75/25 చూసి బట్ట ఉతుకులో ఎలా ఉంటుందో చెప్పొచ్చా?

ప్రశ్న: "మా అబ్బాయి చదువుకి కెనడా వెళ్తున్నాడు. కొన్న టీషర్టుల మీద 60% కాటన్, 40% పాలిస్టర్ అని ఉంది. ఊలు సాక్సుల మీద 75% ఊల్, 25% నైలాన్ అని ఉంది. అక్కడ అన్నీ మెషీన్‌లో వేసి డ్రయ్యర్‌లో ఆరబెడతారట. ఈ అంకెల్ని బట్టి ఏది పాడవుతుందో ముందే తెలుస్తుందా?"

జవాబు:

టీషర్టుల విషయం చాలావరకు తెలుస్తుందండీ. సాక్సుల విషయం మాత్రం ఆ అంకెలతో తేలదు, లేబుల్ మీద ఇంకో మాట కోసం వెతకాలి. నేను తిరుప్పూర్‌లో ఒక ఎగుమతి యూనిట్ టెస్టింగ్ ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. బట్టకి గుర్తులు పెట్టడం, ఉతకడం, ఆరబెట్టి మళ్లీ కొలవడం అక్కడ రోజూ చేసే పని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ అంకె దేని లెక్కో చూడండి. అది బరువు లెక్క. కాటన్-పాలిస్టర్ ముక్కని ల్యాబ్‌లో గాఢమైన సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో ఉంచితే కాటన్ కరిగిపోతుంది, పాలిస్టర్ మిగులుతుంది. మిగిలినదాన్ని కడిగి, ఆరబెట్టి తూకం వేస్తారు. ఊలు-నైలాన్ అయితే ఆసిడ్‌కి బదులు హైపోక్లోరైట్ వాడతారు. అందులో ఊలు కరిగిపోయి నైలాన్ మిగులుతుంది. బట్టలు తెల్లబడాలని ఇంట్లో వేసే బ్లీచింగ్ ద్రావణంలో ఉండేదీ అదే హైపోక్లోరైట్. కాబట్టి ఊలు సాక్సుల దగ్గరికి బ్లీచ్‌ని అసలు రానివ్వొద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

ఏ పీచు ఎంత బరువుందో ఆ అంకె చెబుతుంది కానీ, ఉతికితే ఏమవుతుందో నేరుగా చెప్పదు. దానికి మనం రెండు విషయాలు చూసుకోవాలి. ఈ మిశ్రమంలో ఉతుకులో కదిలే పీచు ఏది? పక్కనున్న పీచు దాన్ని పట్టి ఆపగలదా? కాటన్-పాలిస్టర్‌లో ఆపగలదు. ఊలు-నైలాన్‌లో ఆపలేదు. మీ ప్రశ్నకి అసలు జవాబు ఈ తేడాలోనే ఉంది.

టీషర్టు బట్ట అల్లిక బట్ట. అల్లేటప్పుడు, రంగు వేసేటప్పుడు, ఆరబెట్టేటప్పుడు మిల్లులో దాన్ని పొడవునా లాగుతూనే ఉంటారు. ఆ సాగుడు బట్టలోనే ఉండిపోతుంది. ఇంట్లో మొదటిసారి తడవగానే కాటన్ పీచు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆ బిగువు వదులుతుంది, సాగి ఉన్న అల్లిక కన్నులు మళ్లీ గుండ్రంగా వస్తాయి. దాంతో చొక్కా పొడవు తగ్గుతుంది. పాలిస్టర్ అలా ఉబ్బదు. మామూలు గాలిలో వంద గ్రాముల కాటన్ దాదాపు 8 గ్రాముల తేమ పట్టుకుంటే, అంతే పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. పైగా మిల్లులో బట్టని అంచులు పట్టి పరిచి వేడిచేసే స్టెంటర్ అనే యంత్రం మీద దాదాపు 180 డిగ్రీల వేడిలో పాలిస్టర్‌ని ఒక కొలతకి సెట్ చేసేస్తారు. ఇంటి వాషింగ్ మెషీన్ వేడి దాని దరిదాపుల్లోకి కూడా రాదు. రెండు పీచులూ ఒకే నూలులో కలిపి వడికి ఉంటాయి కాబట్టి, కాటన్ దగ్గరికి లాగుతున్నా పాలిస్టర్ అంతగా రానివ్వదు.

మీ టీషర్టు పొడవు భుజం నుంచి అంచు దాకా 70 సెంటీమీటర్లు అనుకుందాం. అది పూర్తి కాటన్‌దై, మిల్లులో సరిగ్గా కంపాక్టింగ్, అంటే బట్టని ముందే పొడవునా కుదించడం, చేయకపోతే 5% పైనే తగ్గడం మామూలు. 5% అంటే మూడున్నర సెంటీమీటర్లు, వేసుకోగానే తెలిసిపోతుంది. ఎక్కువమంది బయ్యర్లు ఒప్పుకునే హద్దు కూడా ఆ 5 దగ్గరే ఉండేది. 60/40 బట్ట శ్రద్ధగా తయారు చేసినదైతే సాధారణంగా 3% చుట్టుపక్కల ఆగేది. అంటే రెండు సెంటీమీటర్లు. అంత తగ్గినా ఎవరూ పట్టించుకోరు.

అయితే ఇక్కడ లేబుల్ చెప్పని సంగతి ఒకటుంది. అదే 60/40 ని వదులుగా అల్లితే ఎక్కువ తగ్గుతుంది, బిగువుగా అల్లితే తక్కువ. నేత చొక్కా అయితే ఇంకా తక్కువ. మన టెరికాట్ చొక్కాల్లో తరచూ కనిపించే 65% పాలిస్టర్, 35% కాటన్ బట్ట ఏళ్ల తరబడి ఉతికినా కొలత మారకపోవడానికి పాలిస్టర్ ఎంత కారణమో ఆ నేత కూడా అంతే కారణం. అందుకే అబ్బాయి బయల్దేరేలోపు ఒక చొక్కాని ఇంట్లోనే పరీక్షించండి. రంగు దారంతో, సూదితో పొడవునా సరిగ్గా 25 సెంటీమీటర్ల దూరంలో రెండు చిన్న కుట్లు వేయండి. అడ్డంగా కూడా అలాగే వేయండి. ఉతికి, పూర్తిగా ఆరాక బల్ల మీద లాగకుండా పరిచి కొలవండి. ఒక సెంటీమీటర్ తగ్గితే 4% తగ్గినట్టు. తగ్గేదాంట్లో ఎక్కువ భాగం మొదటి ఉతుకులోనే పోతుంది, ఆ తర్వాత రెండు మూడు ఉతుకుల్లో కొద్దికొద్దిగా తగ్గి ఆగుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, తీగ మీద ఆరేసి కొలిచినదానికన్నా డ్రయ్యర్‌లో వేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. వేడితో పాటు ఆ దొర్లుడు కూడా కన్నుల్ని దగ్గరికి చేరుస్తుంది. ఇంట్లోనే 4% దాటితే ఆ చొక్కాల్ని ఒక సైజు పెద్దవి తీసుకోవడం మంచిది.

పాలిస్టర్ చొక్కా కొలతని కాపాడుతుంది కానీ దాని ఇబ్బందులు దానికున్నాయి. నీటిని దూరం పెట్టే పీచు నూనెని మాత్రం పట్టుకుంటుంది. మెడ దగ్గర జిడ్డు, చంకల్లో చెమట వాసన పూర్తి కాటన్‌లో కన్నా ఇందులో మొండిగా ఉంటాయి. ఉతికే ముందు ఆ చోట్ల లిక్విడ్ డిటర్జెంట్ చుక్క వేసి పది నిమిషాలు వదిలేస్తే చాలా తేడా కనిపిస్తుంది. రెండోది ఉండలు కట్టడం. పూర్తి కాటన్‌లో కూడా నూగు లేచి ఉండలు కడుతుంది, కానీ పీచు బలహీనం కాబట్టి అవి తెగి రాలిపోతాయి. పాలిస్టర్ గట్టిది, ఉండని బట్టకి కట్టేసినట్టు పట్టుకుంటుంది. చొక్కాని లోపలివైపు తిప్పి ఉతికితే ఇది తగ్గుతుంది. నీళ్ల వేడి 40 డిగ్రీలు సరిపోతుంది. 60 దాటిన నీళ్లలో ఉతికి వెంటనే వేగంగా స్పిన్ చేస్తే మెత్తబడిన పాలిస్టర్ నలిగిన చోటే గట్టిపడి, ఇస్త్రీకి కూడా లొంగని ముడతలు పడతాయి.

ఇక సాక్సులు. 25% నైలాన్ ఉంది కదా, అది ఊలుని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. కాపాడుతుంది, కానీ అరుగుదల నుంచే. మడమ దగ్గర, బొటనవేలు దగ్గర త్వరగా చిల్లు పడకుండా ఉండటానికే ఆ నైలాన్. ఉతుకులో సాక్సు చిన్నదైపోవడాన్ని అది ఆపలేదు.

ఎందుకో మీ చేతుల్లోనే చూడొచ్చు. ఒక పొడవాటి తల వెంట్రుకని నిలువుగా బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని వేళ్లని పైకీ కిందకీ రుద్దండి. రెండు వైపులా సమానంగానే రుద్దుతున్నా వెంట్రుక ఒకే వైపుకి, కుదురు ఉన్న వైపుకి పాకుతుంది. వెంట్రుక మీది పొలుసులన్నీ కొస వైపుకి తిరిగి ఉండటం వల్ల అది ఒక దిక్కుకే జారగలదు. ఊలు కూడా వెంట్రుకే, దానికీ ఆ పొలుసులున్నాయి. వేడి నీళ్లు, సబ్బు, మెషీన్ తిప్పుడు కలిస్తే ప్రతి ఊలు పీచు తన కుదురు వైపుకి పాకుతూ పక్క పీచుల్లో చిక్కుకుంటుంది, మళ్లీ వెనక్కి రాలేదు. నైలాన్ నున్నగా ఉంటుంది, తనంతట తాను పాకదు, కానీ చుట్టూ ఉన్న మూడు వంతుల ఊలు లాగుతుంటే దాంతో పాటే పోతుంది. కాటన్ తగ్గితే తడిమీద సాగదీసి కొంత వెనక్కి తేవచ్చు. ఇలా ఫెల్ట్ అయిన ఊలుని ఎవరూ వెనక్కి తేలేరు.

మా అక్క కూతురు అమెరికాలో ఉంటుంది. తను కొన్న రెండు రకాల సాక్సుల మీదా 75% ఊల్, 25% నైలాన్ అనే ఉంది. రెండూ ఒకేసారి మెషీన్‌లోనూ డ్రయ్యర్‌లోనూ వేసింది. ఒకటి మామూలుగానే వచ్చింది. రెండోది మడమ దాటి పైకి ఎక్కనంత చిన్నదై, దళసరిగా, బిరుసుగా తయారైంది. నాకు ఫోటో పంపితే అందులో అల్లిక గీతలే కనబడలేదు, పైనంతా నూగు అతుక్కుపోయి ఉంది. ఫెల్ట్ అయిందని చెప్పడానికి అదే గుర్తు. లేబుళ్లు తీసి చూడమన్నాను. బాగా వచ్చినదాని మీద "సూపర్‌వాష్" అని ఉంది, పాడైనదాని మీద చెయ్యి మునిగిన తొట్టి బొమ్మ ఉంది. ఆ బొమ్మకి చేత్తోనే ఉతకమని అర్థం.

సూపర్‌వాష్ అంటే ఊలుకి ముందే చేసే ఒక ప్రక్రియ. ఎక్కువగా వాడే పద్ధతిలో క్లోరిన్‌తో పొలుసుల అంచుల్ని మొద్దుబార్చి, ఆపైన పలచటి రెజిన్ పూత వేస్తారు. ఇక పీచులు ఒకదాన్నొకటి పట్టుకోలేవు, అందుకే పాకి చిక్కుకోవు. శాతాల్లో దీని జాడ ఉండదు. కాబట్టి మీరు సాక్సులు కొనేటప్పుడు 75/25 పక్కన "సూపర్‌వాష్" అనో "మెషీన్ వాషబుల్" అనో ఉందేమో చూడండి, లేకపోతే తొట్టి బొమ్మలో 30 లేదా 40 అంకె ఉందేమో చూడండి. అలా ఉన్నా డ్రయ్యర్ వేరే లెక్క. చదరంలో వృత్తం ఉండి దాని మీద ఇంటూ గుర్తు ఉంటే డ్రయ్యర్‌లో వేయకూడదు.

మీ దగ్గరున్న సాక్సుల మీద ఆ మాటా, ఆ అంకే ఏవీ లేకపోతే అవి చేత్తో ఉతికేవి అనుకోండి. గోరువెచ్చని నీళ్లు, ఊలు కోసం అమ్మే లిక్విడ్, రుద్దకుండా పిసికి జాడించడం, తువ్వాలులో చుట్టి నీళ్లు పీల్చి పరిచి ఆరబెట్టడం, అంతే. మామూలు బట్టల పౌడర్ వద్దు. అందులోని క్షారం ఊలుకి పడదు, మాంసకృత్తుల మరకల కోసం కలిపే ఎంజైమ్ ఊలుని కూడా మాంసకృత్తుగానే తింటుంది. హాస్టల్ గదిలో ఉండే కుర్రాడు ఇదంతా చేస్తాడన్న నమ్మకం లేకపోతే, ఆ జతలు మార్చి సూపర్‌వాష్ రాసి ఉన్నవి తీసుకోండి. అవి కూడా ముందు ఒకే జత కొని, కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి, 30 డిగ్రీల దగ్గర ఒకసారి ఉతికి ఆరాక అదే గీత మీద పెట్టి చూడండి. సరిపోతే మిగతా జతలు కొనండి.